సున్న పలికేటప్పుడు నాలుక ఎక్కడుంది?

కావలి,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. ఫస్టియర్ పిల్లలకు ఉచ్చారణ పాఠం మీద చిన్న క్విజ్ పెట్టాను. దాని ఆన్సర్ కీ దగ్గర ఒక చిక్కు వచ్చింది. నీది రాపూరు కాబట్టి నీతో పని పడింది.

క్విజ్ మొత్తం పది మార్కులు, అంతా ఒక్క సున్న మీదే. ఐదు ఊళ్ళ పేర్లిచ్చాను: ఒంగోలు, పెంచలకోన, కండలేరు, కందుకూరు, కంభం. ఒక్కోదాంట్లో సున్న పలికేటప్పుడు నోట్లో ఏది దేనికి తగులుతుందో రాయాలి, పేరుకొక మార్కు. ఆరో ప్రశ్న: సంత, సంపద, సంసారం అన్నప్పుడు మొదటి సున్న దగ్గర పెదవులు కలిసేవి ఏవి? దానికి రెండు. మిగతా మూడు మార్కులు, సున్న ఇలా ఎందుకు మారుతుందో చెప్పినందుకు.

ఐదు పేర్లూ మన జిల్లాల్లోవే, పైగా క, చ, ట, త, ప వర్గాల వరుసలోనే కుదిరాయి. దొరికినప్పుడు ఎంత సంబరపడ్డానో!

సగం మంది అన్నిటికీ 'న్' అని రాసేశారు. ఇంగ్లీషులో ఊరి పేరు రాసేటప్పుడు ఎక్కువగా n అనే పెడతాం కదా, చెవి కూడా అదే వింటుంది. అందుకని చెవిని పక్కన పెట్టి నోటిని అడగమన్నాను. నువ్వూ చెయ్యి. 'ఒంగోలు' మొదలుపెట్టి సున్న దగ్గర ఆగి, ఆ మూలుగునే సాగదియ్యి. ముక్కు మూస్తే శబ్దం ఆగిపోతుంది, అంటే గాలంతా ముక్కులోంచే పోతోంది. ఇప్పుడు నాలుక కొన ఎక్కడుందో చూసుకో. కింది పళ్ళ వెనక ఊరికే పడి ఉంటుంది. పైకి లేచింది నాలుక వెనక భాగం, తగిలింది మెత్తటి అంగిలికి. అదే పని 'కండలేరు'తో చేస్తే కొన వెనక్కి మడిచి చిగురు దాటిన చోట తగులుతుంది. 'కందుకూరు'లో పైపళ్ళ వెనక ఆనుతుంది. 'కంభం'లో నాలుకకు పనే లేదు, పెదవులు కలుస్తాయి. కొందరు 'కంబం' అంటారు, దానికీ మార్కు వేశాను. ఒత్తు ఉన్నా లేకపోయినా సున్న చోటు మారదు.

ఇలా మారడానికి కారణం తేలిక. నాలుక తర్వాత అక్షరం చోటికి ముందే వెళ్ళి మూసేస్తుంది. ముక్కు దారి తెరిచి ఉన్నంతసేపు అది సున్న. మెత్తటి అంగిలి లేచి ఆ దారి మూసుకోగానే అదే పట్టులోంచి గ, డ, ద వస్తాయి. పాణిని దీన్ని 'అనుస్వారస్య యయి పరసవర్ణః' అని మూడు మాటల్లో చెప్పాడు. శ, ష, స, హలను ఆ సూత్రం బయటే ఉంచాడు చూడు, ఆరో ప్రశ్న కిటుకంతా అక్కడే. అందరూ 'సంపద' ఒక్కటే రాశారు. అద్దం పట్టుకుని 'సంసారం' అనమన్నాను. స కంటే ముందు పెదవులు కలిశాయి! స పలికేటప్పుడు నోరు పూర్తిగా మూసుకోదు, సున్న అరువు తెచ్చుకోవడానికి అక్కడ పట్టు లేదు. అలాంటి చోట తెలుగులో మనం 'మ్' అంటాం. 'సింహం' కూడా అంతే. కాబట్టి జవాబు సంపద, సంసారం రెండూ.

ఇక చిక్కు. పెంచలకోనకు కీలో 'తాలవ్యం, నాలుక మధ్యభాగం గట్టి అంగిలికి' అని రాసుకున్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, మా ఇంట్లో అలా అనరు, పెంౘల అంటాం" అంది. మళ్ళీ అనమన్నాను. నిజమే, 'చాప', 'చలి'లో ఉండే ౘ అది. ఆ అమ్మాయి నోట్లో నాలుక కొన పళ్ళ దగ్గరే ఉంది, సున్న కూడా అక్కడే పుట్టింది. తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఒల ముందు ౘ, ఇ, ఎల ముందు చ అని పాఠం చెప్పిందీ నేనే, కీ రాసేటప్పుడు మాత్రం అక్షరాన్ని చూసి రాశాను. ఆమె జవాబు తప్పని కొట్టేసి ఉంటే అన్యాయమయ్యేది. ఇప్పుడు కీ మార్చాను: చ అనేవాళ్ళకు తాలవ్యం, ౘ అనేవాళ్ళకు దంత్యం. కాకపోతే జవాబుతో పాటు తను ఎలా అంటారో కూడా రాయాలి.

కోన మీ మండలంలోనే కదా, అందుకే నిన్నడుగుతున్నా. అమ్మ చేత ఆ పేరు అనిపించు. ఎందుకో మాత్రం ముందు చెప్పకు, చెబితే జాగ్రత్తపడి పుస్తకంలోలా పలుకుతుంది. "స్వామి కల్యాణానికి ఎక్కడికెళ్ళావమ్మా" అని మాటల్లో పెట్టి విను. పెంచలయ్య అని పిలిచే వాళ్ళెవరైనా ఇంటి చుట్టుపక్కల ఉంటే అదీ విను. చ వినిపించిందో ౘ వినిపించిందో శుక్రవారం లోపు రాయి, శనివారం పేపర్లు తిరిగి ఇచ్చెయ్యాలి.

నీ
రమణ