మిర్చి యార్డు కేసుకు లెవో వద్దు
పొద్దున గుంటూరు మిర్చి యార్డు హమాలీకి ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలి, లెవోఫ్లాక్సాసిన్ ఇవ్వొచ్చా అని అడిగారు కదా. 38 ఏళ్లు, మూడు రోజుల జ్వరం, దగ్గు, షుగర్ లేదు, మాట స్పష్టంగా ఉంది, శ్వాస నిమిషానికి 22, బీపీ 118/76, ఆక్సిజన్ 96, ఎక్స్‌రేలో కుడివైపు కింద ప్యాచ్. అంటే న్యుమోనియానే, కానీ మిగతావన్నీ నిలకడగా ఉన్నాయి కాబట్టి అడ్మిషన్ అక్కర్లేదు. పెన్సిలిన్ అలర్జీ లేకపోతే అమాక్సిసిలిన్ 1 గ్రాము రోజుకు మూడుసార్లు, తేరుకుంటే 5 రోజులు చాలు.

లెవోఫ్లాక్సాసిన్ మాత్రం వద్దండీ, అది టీబీ క్రిములను కూడా కొంత అణిచేస్తుంది, రోగి తేలిక పడ్డాడనుకుంటాం, ఒకవేళ అసలు జబ్బు టీబీ అయితే ఈలోగా అది బయటపడటం ఆలస్యమవుతుంది, ఆ మందుకు నిరోధకత కూడా రావచ్చు. ఒక్క అజిత్రోమైసిన్‌తో సరిపెట్టడమూ (మన దగ్గర అలవాటైపోయింది) నాకు నచ్చదు, న్యూమోకాకస్‌లో దానికి నిరోధకత ఎక్కువ. అదే షుగర్ ఉండుంటే అమాక్సిక్లావ్‌కి తోడుగా అజిత్రో ఇచ్చేవాణ్ణి.

48–72 గంటల్లో మళ్లీ చూడండి, జ్వరం తగ్గకపోతే మందు మార్చే ముందు కళ్లె సీబీనాట్ టీబీ పరీక్షకి పంపండి.