శాఖల వారీ నివేదిక ఆలస్యం కావడానికి కారణం

“మేము ఏడాదిగా అడుగుతున్న శాఖల వారీ నివేదికను పక్కన పెట్టి, మాలో ఎవరూ అడగని పనిని ముందు ఎందుకు చేస్తున్నారు?”

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే మీరు అడుగుతున్న ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేనే, ఈ నిర్ణయం పూర్తిగా నాది. 8 వారాల్లో ఇస్తానని మాట ఇచ్చిన నివేదిక మొత్తంగా మీకు అందేసరికి 11 వారాలు పడుతుంది. మాట తప్పడం నాకు అలవాటు లేదు కనుక, ఎందుకు తప్పవలసి వచ్చిందో లెక్కతో సహా మీ ముందు పెడుతున్నాను.

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పని చూసేది ఒకే చిన్న బృందం, ఒకటి ముగిస్తే గాని మరొకటి మొదలుపెట్టలేము. అందుకే ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో తూచాము: ఇది ఒక వారం ఆలస్యమైతే మీ అందరివీ కలిపి ఎన్ని గంటలు వృథా అవుతాయి? మీ ఫిర్యాదులను బట్టి వేసిన అంచనా ప్రకారం నివేదిక లేనందువల్ల వారానికి 80 గంటలు పోతున్నాయి, దాన్ని తయారు చేయడానికి 8 వారాలు కావాలి. ఇంటర్నెట్ తెగినప్పుడు రెండు బిల్లులకు ఒకే నంబరు పడే లోపం వల్ల పోతున్నవి 30 గంటలే, కాని దాన్ని సరిచేయడానికి ఒక్క వారం చాలు. నివేదికను ముందు చేపడితే ఆ లోపం 8 వారాలు ఆగాలి, అంటే 240 గంటల నష్టం. లోపాన్ని ముందు సరిచేస్తే నివేదిక ఒక్క వారమే ఆగుతుంది, నష్టం 80 గంటలు. వారానికి పోయే గంటలను పనికి పట్టే వారాలతో భాగించి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు చేయాలన్న ఈ సూత్రాన్ని 1956లోనే పరిశోధకుడు వేన్ స్మిత్ ఒకే యంత్రం మీద వరుసగా సాగే పనుల విషయంలో నిరూపించాడు.

అయితే ఆలస్యం వల్ల కలిగే నష్టం ప్రతి వారం ఒకేలా ఉన్నప్పుడే ఆ సూత్రం నిలుస్తుంది. మీరెవ్వరూ అడగని మూడో పని అలాంటిది కాదు. మీ ఖాతాదారులకు బిల్లు సందేశాలు పంపే సేవను మేము బయటి సంస్థ దగ్గర కొంటున్నాము. ఏళ్ల తరబడి ఒక్క వాయిదా తప్పకుండా డబ్బు కట్టిన మాకు, పాత పద్ధతిని ఆపేస్తున్నామని ఆ సంస్థ 5 వారాల గడువు మాత్రమే ఇచ్చి, నాలుగు వాక్యాల ఉత్తరంతో చెప్పి ఊరుకుంది. గడువు పెంచమని రెండుసార్లు అడిగినా జవాబు లేదు. ఆ అవమానం నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది, ఈ పని పూర్తికాగానే వేరే సంస్థకు మారిపోతాము. కొత్త పద్ధతికి మారడానికి 2 వారాలు పడుతుంది. ఈ రోజు దాని ఆలస్యం వల్ల నష్టం సున్నా, కాబట్టి సూత్రాన్ని గుడ్డిగా వాడితే అది అన్నిటికన్నా చివరకు పోతుంది. ఐదో వారం దాటిన మరుక్షణం నుంచి మాత్రం మీరు ప్రతి బిల్లునూ చేత్తో పంపుకోవాలి, వారానికి 120 గంటలు పోతాయి. లోపం, నివేదిక, ఆ తరువాత ఇది అన్న వరుసలో వెళ్తే ఇది 11వ వారానికి గాని ముగియదు. ఈ ఒక్క పనిమీదే 720 గంటలు నష్టపోయేవారు.

పెద్ద పనిని చీల్చవచ్చని మాకు ఆలస్యంగా తట్టింది. శాఖల వారీ మొత్తాలు చూపే ఒక్క పేజీని 2 వారాల్లో ఇవ్వవచ్చు, 80 గంటల్లో 50 దానితోనే ఆదా అవుతాయి. ఇక్కడే నాకు మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. లోపం తరువాత ఆ పేజీని ముందు చేస్తే మూడో వారానికే మీకు అందుతుంది, సందేశాల పని సరిగ్గా ఐదో వారం ఆఖరుకు ముగుస్తుంది. కాగితం మీద అదే మేలైన వరుస. కాని బయటి సంస్థతో ముడిపడిన పనికి 2 వారాలు చాలుతాయని నేను పూచీ పడలేను. పేజీని 2 వారాలు వెనక్కి నెడితే మీకు పోయేవి 100 గంటలు, సందేశాల పని గడువు ఒక్క వారం దాటినా పోయేవి 120. జవాబైనా రాయని సంస్థను నమ్మి మీ బిల్లులను పణంగా పెట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఆ 100 గంటల భారం తెలిసే మీ మీద మోపాను, అందుకు క్షమించమని అడుగుతున్నాను.

కాబట్టి బిల్లు నంబర్ల లోపం మొదటి వారంలో, సందేశాల మార్పు మూడో వారానికి, మొత్తాల పేజీ ఐదో వారానికి, మిగిలిన నివేదిక 11వ వారానికి పూర్తవుతాయి. నా అంచనాల్లో నాకు తక్కువ నమ్మకం ఉన్నది ఆ 80 గంటల మీద. శాఖల లెక్కలు కలపడానికి మీకు వారానికి నిజంగా ఎంత సమయం పడుతోందో ఈ వారాంతంలోగా రాసి పంపండి. ఆ సంఖ్య బాగా పెరిగితే మొత్తాల పేజీని సందేశాల పనికన్నా ముందుకు తెస్తాను.