సీసా సంచి

ప్రియమైన సుజాతా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో, తప్పు నాదే. అమ్మ మోకాలు నయం, చిన్నవాడి పరీక్షలు అయిపోయాయి, ఇల్లు అలాగే ఉంది. ఇక అసలు సంగతి.

నీళ్ల సీసాకు రెండు రంగుల క్రోషే సంచి అల్లి చూపిస్తానన్నాను కదా, అల్లాను. మూడుసార్లు! నవ్వకు, ఆ పచ్చ స్వెట్టరు సంగతి నాకూ గుర్తుంది.

అడుగు సులువుగానే వచ్చింది. ఆరు కుట్లతో మొదలుపెట్టి వరుసకు ఆరు పెంచుతూ పోతే పదో వరుసకు 60. గ్రాఫు కాగితం మీద ఎర్ర వజ్రం గీసుకున్నాను. కింది నుంచి ఒక గడి, మూడు, అయిదు, ఏడు, మళ్లీ అయిదు, మూడు, ఒకటి. ఏడు గడుల పక్కన మూడు తెల్లవి వదిలితే పది కుట్లకు ఒక వజ్రం, చుట్టూ ఆరు. చుట్టూ తిరుగుతూ అల్లుతాం కనుక ప్రతి వరుసనూ కుడి నుంచి ఎడమకే చదవాలి.

ఇందులో వాడని దారం వెనక వేలాడదు. దాన్ని కింది వరుస కుట్ల తలల మీద పడుకోబెట్టి, దాని చుట్టూ కొత్త కుట్టు వేస్తే లోపల దాక్కుంటుంది. నాది దాక్కుంటేనా! తెల్లటి చోటల్లా ఎరుపు తొంగిచూసింది, ఆటలమ్మ పోసినట్టు. విప్పేశాను. 3.5 మిల్లీమీటర్ల సూది పక్కన పెట్టి 2.5తో బిగువుగా అల్లితే ఎరుపు లోపలికి పోయింది.

అయినా వజ్రం అంచులు చెరిగినట్టున్నాయి. నరసాపురం పెద్దమ్మ వచ్చినప్పుడు చూపించాను. జీవితమంతా ఒక్క తెల్లదారంతో లేసు అల్లిన మనిషి, రెండు రంగులు ఎప్పుడూ పట్టలేదు. కళ్లద్దాలు సర్దుకుని, "ఆ చివరి లాగుడు ఈ కుట్టుది కాదే, తర్వాతి కుట్టుది" అంది. నిజమే! తెల్లకుట్టు పూర్తిచేసి ఎరుపు అందుకుంటున్నాను. సూది మీద ఇంకా రెండు లూపులు ఉండగానే, వాటిలోంచి ఎరుపును లాగాలి. ఆ మిగిలిన లూపే తర్వాతి కుట్టుకు తల అవుతుంది. మళ్లీ విప్పాను.

మూడోసారి అంచులు శుభ్రం, కానీ వజ్రాలన్నీ కుడికి వాలాయి, మన డ్రాయింగు మాస్టారు నడిచినట్టు. లెక్క నాలుగుసార్లు చూశాను, తప్పు లేదు. తిప్పకుండా ఒకే వైపు అల్లితే ప్రతి కుట్టూ కింది దానికి కాస్త కుడిగా కూర్చుంటుందట. దారాన్ని సూది మీద చుట్టే బదులు, సూదినే దారం మీదుగా పోనిచ్చి కిందికి లాగితే కుట్టు గుణకారం గుర్తులా పడుతుంది, వాలు తగ్గుతుంది. ఈసారి విప్పే ఓపిక లేదు. అందుకే కింది వజ్రాలు వాలినవి, పైవి దాదాపు నిటారు. పెద్దమ్మకు కిందివే నచ్చాయి!

నిన్న సీసా పెట్టి చూశాను. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. పై వరుసల్లో లోపలి దారాన్ని మరీ గట్టిగా లాగినట్టున్నాను, అక్కడ నడుము సన్నబడింది. ఇప్పుడు సీసా పైకీ రాదు, కిందికీ పోదు. నీళ్లు కూడా నింపి ఉన్నాయి, వాటిని ఎలా

ఉండు, చిన్నవాడు ఆ సంచిని పట్టుకుని లాగుతున్నాడు. మిగతాది రేపు.

నీ
పద్మ