ట్యాగ్ చేస్తే ఫ్లెక్సీకి ఒప్పుకున్నట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

చేనేత చీరలమ్మే దుకాణాలు ఈమధ్య పార్శిల్‌లో ఒక కార్డు పెడుతున్నాయి. చీర కట్టుకుని ఫొటో దిగండి, మా పేజీని ట్యాగ్ చేయండి అని. మంచి పద్ధతే. అసలు రంగు, అంచు వెడల్పు, కుచ్చిళ్లు నిలిచే తీరు మోడల్ ఫొటోలో కన్నా మామూలు మనిషి కట్టుకుంటేనే బాగా తెలుస్తాయి. అయితే ఎలాంటి ఫొటో కావాలో కార్డులో చెప్పాలి. "పగటి వెలుతురులో కొంగు పరిచి ఒకటి తీయండి, ఒక ఉతుకయ్యాక రంగెలా ఉందో రెండు మాటలు రాయండి" అంటే కొనేవాళ్లకు పనికొచ్చేది వస్తుంది.

చిక్కంతా ఆ తర్వాతే. ట్యాగ్ చేశారు కదా అని ఆ ఫొటోను ఫ్లెక్సీల మీదికీ ప్రకటనల్లోకీ ఎక్కించేస్తున్నారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు తీసినవారిది. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారిది. చీర అమ్మిన దుకాణానికి అందులో వాటా లేదు. వాడుకోవడానికి ఇచ్చే అనుమతి రాతలో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడ వాడాలో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం లెక్కగడుతుంది. అమెరికాలోని తెలుగువాళ్లకు చీరలు పంపే దుకాణాలు ఈ రెండో మాట గుర్తుంచుకోవాలి.

ఒకామె మంగళగిరి చీర కట్టుకుని పెళ్లిలో రీల్ తీయించుకుందనుకుందాం. పక్కన అక్క, అక్క కూతురు ఆరేళ్ల పాప, వెనక సినిమా పాట. దుకాణం అడిగితే ఆమె సరేనంది. అది చాలదు. ఫోన్ పట్టుకుని తీసింది తమ్ముడైతే అతన్ని అడగాలి. అక్క తన తరఫునా, పాప తరఫునా ఒప్పుకోవాలి. పాట ఆమె సొంత ఖాతాలో చెల్లినా వ్యాపార ఖాతాకు ఆ అనుమతి వర్తించకపోవచ్చు. పాట తీసేసి పెట్టుకోవడమే క్షేమం.

అడిగే సందేశం పెద్దదేమీ కాదు: "మీరు ఫలానా తేదీన పెట్టిన ఫొటోను మా ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఏడాదిపాటు మీ పేరుతో పెట్టుకోవచ్చా? తీసింది మీరేనా? అందులో ఉన్న మిగతావాళ్లకు సమ్మతమేనా? వద్దంటే రెండు రోజుల్లో తీసేస్తాం." జవాబును స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫొటోతోపాటే దాచుకోవాలి. హార్ట్ బొమ్మ పెడితే అనుమతి అనుకోకూడదు. ఫ్లెక్సీకీ, డబ్బు కట్టి వేసే ప్రకటనకూ విడిగా అడగాలి. పేజీలో ఫొటో నిమిషంలో తీసేయొచ్చు, ఊళ్లో కట్టిన ఫ్లెక్సీలన్నీ అలా దించలేం.

పోస్టు పెట్టినందుకు తగ్గింపు కూపన్ ఇస్తే, ఆ సంగతి పోస్టులోనే కనబడాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కోరేదీ అదే. మెచ్చుకుంటేనే కూపన్ అనే షరతు మాత్రం ఏ దుకాణమూ పెట్టకూడదు. రంగు దిగిందని రాసినవారికీ అదే కూపన్ ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, చీరాల