దుప్పటి తగిలినా మండే చెయ్యి

బుజ్జీ,

నిన్న వీడియో కాల్‌లో నీ మొహం కంటే నీ ఎడమ చెయ్యే ఎక్కువ చూశా. కట్టు విప్పి మూడు వారాలైనా దాన్ని ఒళ్ళోంచి పైకి తియ్యట్లేదు, దుప్పటి అంచు తగిలితేనే ఉలిక్కిపడ్డావు. ఇన్నేళ్ళు చేతులకే ఫిజియో చేసినదాన్ని కదా, అక్కడే అనుమానం వచ్చింది.

మణికట్టు దగ్గర రేడియస్ ఎముక విరిగి ఆరు వారాలు ప్లాస్టర్‌లో ఉంటే ఎవరి చెయ్యైనా బిగుసుకుంటుంది, కొంచెం వాస్తుంది కూడా, కానీ అది వారం వారం తగ్గాలి. నీది పెరుగుతోంది. ఇది కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్ అని నా అనుమానం, మేం సీఆర్పీఎస్ అంటాం, దెబ్బ మానుతున్నా నొప్పి మాత్రం ముదిరే జబ్బు. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన లేదనీ కాదు. డాక్టర్లు చూసేది బుడాపెస్ట్ క్రైటీరియా. దెబ్బకి మించిన నొప్పి ఆగకుండా ఉండాలి, దానికి తోడు నాలుగు రకాల్లో కనీసం మూడింటిలో నువ్వు చెప్పే బాధ ఉండాలి. దుప్పటి తగిలినా మంట, అది ఒకటి. ఒకసారి ఎర్రగా వేడిగా, ఇంకోసారి నీలంగా చల్లగా అన్నావు, రెండోది. వాపు, ఆ ఒక్క అరచేతికే చెమట, మూడోది. పిడికిలి పడకపోవడం, వణుకు, గోళ్ళూ వెంట్రుకలూ మారడం నాలుగోది. మాటలు ఒక్కటే చాలవు, పరీక్ష చేసేటప్పుడు కనీసం రెండు రకాలు డాక్టర్ కళ్ళకి కనబడాలి, చేతికి తెలియాలి. నాకు స్క్రీన్‌లో వాపూ రంగూ కనిపించాయి, కానీ ఫోన్‌లో వేడి తెలీదు కదా. పైగా ఇన్‌ఫెక్షన్, ఎముక జరగడం, మణికట్టులో నరం నొక్కుకోవడం లాంటివి కాదని తేల్చాకే ఈ పేరు పెట్టాలి. అందుకే ఈ వారమే చూపించుకో.

ఇందులో నా తప్పూ ఉంది. మొదటి వారంలో నొప్పి పదికి ఏడు అన్నావు, ప్లాస్టర్ బిగుతుగా ఉందన్నావు, నేనేమో సర్దుకుంటుందిలే అన్నా. ఆ వారంలో సగటున ఐదు దాటితే కంగారు పడాలని తెలిసి కూడా. అప్పుడే వెళ్ళి కట్టు వదులు చేయించి, వేళ్ళు గంటగంటకీ మడిచి చాపించి ఉండాల్సింది. విటమిన్ సి మింగాలా అని అడిగావుగా, ఈ జబ్బు రాకుండా ఆపుతుందేమోనని దాన్ని పరీక్షించింది ఎముక విరిగిన రోజు నుంచి 50 రోజులు, రోజుకి 500 మిల్లీగ్రాములు. మొదటి అధ్యయనాల్లో బాగా పనిచేసింది, తర్వాత వచ్చిన దాంట్లో తేడా కనబడలేదు. ఏదైనా ఇప్పుడు దానికి టైం దాటిపోయింది.

ఇక వైద్యం. ఎవరైనా వేళ్ళు పట్టుకుని బలవంతంగా వంచబోతే ఒప్పుకోకు. కొత్తలో నేనే ఒకావిడకి అలా చేశా, మర్నాటికి చెయ్యి బన్నులా పొంగింది. ఇక్కడ మెదడు ఆ చేతిని ప్రమాదంగా లెక్కేస్తోంది కాబట్టి మెట్లుగా పోవాలి. మొదట చేతుల ఫొటోలు చూసి అది కుడా ఎడమా గబగబా చెప్పడం, రెండు చేతులకీ వేగం, తప్పులూ సమానమయ్యేదాకా, సుమారు రెండు వారాలు. తర్వాత కదపకుండా కదిపినట్టు ఊహించుకోవడం. ఆ తర్వాత అద్దం. ఉంగరాలు, వాచీ తీసేసి నొప్పి చెయ్యి అద్దం వెనక దాచి, మంచి చేతి ప్రతిబింబం చూస్తూ మెల్లగా గుప్పిట ముడిచి విప్పడం, ఐదేసి నిమిషాలు, రోజుకి నాలుగైదుసార్లు. మధ్యమధ్యలో దూది, మెత్తటి గుడ్డ, టవల్ వరసగా చర్మం మీద రాసుకుంటూ స్పర్శని అలవాటు చేసుకో.

ఎముక అతికిందని డాక్టర్ చెప్పాకే బరువు. బ్రష్‌ని బల్ల మీద నొక్కి ముందుకీ వెనక్కీ రుద్దడం, మూడు నిమిషాల చొప్పున మూడుసార్లు, ఇంకా అర కిలో సంచి పట్టుకుని నడవడం. మొదటి కొన్ని రోజులు నొప్పి, వాపు కాస్త పెరగొచ్చు, దానికి ఆగిపోకు, కానీ మర్నాడు పొద్దునకీ దిగకపోతే సగానికి తగ్గించు. మంచు ముక్కలు పెట్టకు. మెడకి వేలాడేసుకున్న చేతి జోలె తీసేయ్, చెయ్యి ఎంత దాస్తే అంత మొండికేస్తుంది.

ఆదివారం కాల్‌లో రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపించు. పిడికిలి పట్టబోయినప్పుడు మధ్యవేలి కొసకీ అరచేతి గీతకీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచి రాసి ఉంచు. మొన్న నాలుగు సెంటీమీటర్లు అన్నావు.

అమ్మ