వార్షిక నివేదిక: ఒక పాఠం, రెండు తరగతులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ సంవత్సరం మన గణిత ఉపాధ్యాయుల సంఘం తలపెట్టిన పనుల్లో నెలవారీ సమావేశాలు, ప్రశ్నపత్రాల మార్పిడి ఎప్పటిలాగే సాగాయి. వాటి గురించి విడిగా చెప్పవలసింది లేదు. ఈ నివేదికంతా లెసన్ స్టడీకే కేటాయిస్తున్నాను. జపాన్ ఉపాధ్యాయులు దీన్ని ‘జుగ్యో కెంక్యూ’ అంటారు. కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒకే పాఠాన్ని తయారుచేస్తారు, ఒకరు బోధిస్తుంటే మిగతావారు చూస్తారు, చూసినదాన్ని బట్టి పాఠాన్ని సవరించి మరో తరగతిలో మళ్లీ బోధిస్తారు.

మనం ఎంచుకున్నది అయిదో తరగతిలో భిన్నాలను పోల్చే పాఠం. ప్రశ్న ఒక్కటే: 3/4, 5/6లలో ఏది పెద్దది? ఆరుగురం నాలుగుసార్లు కూర్చున్నాం. అందులో ఎక్కువ సమయం పాఠ్య పథకంలోని మధ్య గడికే పట్టింది. మొదటి గడిలో ఉపాధ్యాయుడి ప్రశ్న, మధ్య గడిలో పిల్లలు చెప్పగల జవాబులు, మూడో గడిలో ఆ జవాబు వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు ఏం చేయాలన్నది రాసుకున్నాం. “రెండింటిలోనూ ఒక్క భాగమే తక్కువ, కాబట్టి సమానం” అనే జవాబు వస్తుందని ముందే ఊహించాం. అది వచ్చింది కూడా. మనం ఊహించనిది వేరే ఉంది.

బోధన రోజున పరిశీలకులకు ఒక నియమం పెట్టుకున్నాం: ఎవరూ పిల్లలకు సాయం చేయకూడదు, ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల పక్కనే ఉండి వాళ్లు రాసినది రాసినట్టు, అన్నది అన్నట్టు నమోదు చేయాలి. పాఠం సాఫీగా నడిచింది. తరగతిలో ఎక్కువమంది 5/6 పెద్దదన్నారు. సరైన జవాబే కావడంతో ఉపాధ్యాయురాలు ముందుకు వెళ్లారు.

చర్చలో మొదట బోధించినవారే మాట్లాడాలన్నది పద్ధతి. ఆమె సంతృప్తిగానే మాట్లాడారు. ఆ తర్వాత ఒక సభ్యుడు “నేనైతే ఇలా చెప్పేవాడిని” అని మొదలుపెడితే, చర్చ నడిపిస్తున్నవారు ఆపి, “ఏ బిడ్డ ఏం రాసింది, అది చెప్పండి” అన్నారు. అప్పుడు ఒక పరిశీలకురాలు తన కాగితం తీసి చదివారు. కిటికీ దగ్గరి అబ్బాయి నోటుపుస్తకంలో ఉన్నది ఇది: “5, 6 పెద్ద అంకెలు. 3, 4 చిన్నవి. అందుకే 5/6.” మరో ఇద్దరు పరిశీలకుల కాగితాల్లోనూ అదే కారణం కనిపించింది. తప్పు ఆలోచనతో సరైన జవాబు వచ్చేలా మనమే అంకెలు ఎంచుకున్నామన్నమాట. పాఠం మొత్తంలో నన్ను బాగా కదిలించిన క్షణం అదే. నేను చాలాకాలంగా ఇలాంటి జవాబులకు టిక్కు పెడుతూ వచ్చాను.

అయితే పెద్ద అంకెల భ్రమ, ఒక భాగం తక్కువనే భ్రమ రెండూ బయటపడే జత వెతుకుదామనుకున్నాం. బయటి నుంచి వచ్చిన అనుభవజ్ఞుడు అది కుదరదని బల్ల మీద చూపించారు. లవం, హారం రెండూ పెద్దవైనా విలువ తక్కువగా ఉన్న భిన్నాన్ని తీసుకుంటే, దానిలో ఒకటికి తక్కువైన భాగాల సంఖ్య తప్పకుండా ఎక్కువే ఉంటుంది. ఉదాహరణకు 3/4, 5/8 తీసుకోండి: ఒకదానిలో ఒక భాగం తక్కువ, రెండోదానిలో మూడు. భాగాలను లెక్కపెట్టే బిడ్డ ఇక్కడ 3/4 అని సరిగ్గానే చెప్పేస్తుంది. కాబట్టి రెండు జతలు, అవీ వరుసలో కావాలి.

రెండో తరగతిలో 3/4, 5/8తో మొదలుపెట్టాం. 5/8 అన్న పిల్లలు కాగితపు పట్టీని మడిచి 3/4 అంటే 6/8 అని తామే చూశారు. ఆ తర్వాతే 3/4, 5/6 ఇచ్చాం. “సమానం” అన్నవారిని, “తక్కువైన ఆ ఒక్క భాగం రెండింటిలోనూ ఒకే పరిమాణమా?” అని అడిగాం. ఒక అమ్మాయి నాలుగో వంతు ముక్క మీద ఆరో వంతు ముక్క పెట్టి, “దీనిలో ఎక్కువ పోయింది, అందుకే 3/4 చిన్నది” అంది.

పట్టీల విషయంలో మనలో ఏకాభిప్రాయం రాలేదు. మొదటిసారి పిల్లలు సొంతంగా గీసిన పట్టీలు వేర్వేరు పొడవుల్లో ఉండి పోలిక చెడింది, అందుకే రెండోసారి సమాన పొడవున్న పట్టీలు ఇచ్చాం. దాంతో మొత్తం ఒకటే కావాలన్న సంగతి పిల్లలు ఆలోచించే అవకాశం పోయిందని నా అభిప్రాయం.

రెండో బోధన తర్వాత కూడా ఇద్దరు పిల్లలు “సమానం” అనే రాశారు. వాళ్ల కాగితాలను దస్త్రంలో ఉంచాం. వచ్చే ఏడాది తొలి సమావేశంలో ముందుగా వాటినే చదువుతాం.

కార్యదర్శి