పాత ఫ్రిజ్‌ల ధరలు ఎందుకు తగ్గించామంటే

"పోయిన నెల మేం తీసుకున్న ఫ్రిజ్ లాంటిదే ఇప్పుడు యాప్‌లో ఇంకా తక్కువకు పెట్టారేంటండీ? మా దగ్గర ఎక్కువ లాగారా?"

మూడు ఫ్రిజ్‌ల విషయంలో అవును, ఎక్కువే తీసుకున్నాం. తేడా సొమ్ము ఈ వారంలోనే ఆ ముగ్గురికీ తిరిగి ఇచ్చేస్తున్నాం. తప్పు లెక్కలో లేదు, లెక్కలోకి తీసుకున్న సమాచారంలో ఉంది.

మా లెక్క ఇదీ. పాత బిల్లు చూడం. ఇవాళ అదే సైజు కొత్త ఫ్రిజ్ తగ్గింపులు పోను ఎంతకు వస్తుందో దాన్ని 100 అనుకుంటాం. యాప్‌లో పక్కవాళ్లు పెట్టిన ధరలను నమ్ముకోం, అవి అడిగే ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావు. వారాల తరబడి కదలకుండా ఉన్న ప్రకటన చెప్పేది ఒక్కటే, ఆ ధరకు ఎవరూ కొనడం లేదని. ఫ్రిజ్‌కు పదేళ్ల ఆయుష్షు కట్టుకుంటాం కాబట్టి అయిదేళ్లది 50కి వస్తుంది. వారంటీ లేనందుకు 10, కొన్నవాళ్లు పెట్టుకునే రవాణాకు 5, తలుపు రబ్బరు మార్చాల్సి ఉంటే 3 తీసేస్తే 32. ఆ మూడూ 32కే అమ్మాం.

వాటిని మాకు ఇచ్చిన సప్లయర్ "సీలు విప్పలేదు, ఒరిజినల్ గ్యాస్" అని చెప్పాడు. మూడింటికీ బయట గ్యాస్ ఎక్కించి ఉంది. ఇది చిన్న అబద్ధం కాదు. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడకం వల్ల అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. మళ్లీ ఎక్కించాల్సి వచ్చిందంటే ఎక్కడో కారిందనే అర్థం. ఆ చోటు మూయకుండా గ్యాస్ మాత్రం నింపితే కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

మా పరీక్షకు ఇది ఎందుకు దొరకలేదో కూడా చెప్పాలి. మధ్య అరలో గ్లాసుడు నీళ్లు పెట్టి, అందులో థర్మామీటరు ఉంచి, ఒక రోజంతా నడిపి చూస్తాం. 5 డిగ్రీల లోపుకు దిగితే పాసు. కొత్తగా గ్యాస్ నింపిన ఫ్రిజ్ ఈ పరీక్ష హాయిగా దాటేస్తుంది, ఎందుకంటే సన్నటి లీకు బయటపడడానికి వారాలు పడుతుంది. అప్పుడు కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. మామూలు ఫ్రిజ్‌లో అయితే ఫ్రీజర్‌లో ఒక మూలనే మంచు పడుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో పలక వెనక ఉంటుంది కాబట్టి అది కూడా కంటికి కనపడదు.

కనపడేది వెనకాల ఉంది. ప్లగ్గు తీసి కంప్రెసర్ చూడండి. ఒక కొన మూసేసిన పొట్టి గొట్టం ఉంటుంది. ఫ్యాక్టరీలో గ్యాస్ నింపి ఆ కొనను నొక్కి అతికేస్తారు. దానికి వాల్వు తగిలించి ఉన్నా, కొత్తగా అతికిన నల్ల మచ్చ ఉన్నా, సీలు విప్పినట్టే. మేం ఇది చూడలేదు. సప్లయర్ మాట మీద వదిలేశాం. ఇన్నేళ్ల పేరు పెట్టుకుని ఇలా జరగడం మాకు చాలా బాధగా ఉంది. అతని దగ్గర ఇక సరుకు ఎత్తం.

ఎక్కువ తలపట్టుకున్నది తర్వాతి ప్రశ్న దగ్గర: అలాంటి ఫ్రిజ్‌కు ఎంత తగ్గించాలి? లీకు వెతికి మూసి, ఫిల్టర్ మార్చి, గ్యాస్ నింపడానికి మెకానిక్ చెప్పింది ఆ 100లో 12. అన్నీ పాడవవు కదా, సగం అంటే 6 తగ్గిస్తే సరిపోతుందని ముందు అనుకున్నాం. మాకైతే అది సరిపోతుంది, పది ఫ్రిజ్‌లు అమ్మితే సగటు కుదురుతుంది. కొనేవాళ్ల ఇంట్లో ఉండేది ఒక్కటే ఫ్రిజ్. అది ఆగితే వాళ్లు పెట్టేది పూర్తి 12, సగం కాదు. అందుకే మొత్తం తీసేశాం. 32 కాస్తా 20 అయింది, తిరిగి ఇస్తున్నది కూడా ఆ 12నే. ఇలా తగ్గించుకుంటూ పోతే తుక్కు ధరకు దగ్గరపడే ఫ్రిజ్‌ను ఇక ఫ్రిజ్‌గా అమ్మం.

ఆ ముగ్గురికీ ఒక మాట. లోపలి స్టిక్కరు మీద ఆర్600ఎ అని ఉంటే అది మండే గ్యాస్. రిపేరు తెలిసినవాళ్లతోనే చేయించండి.

సోఫాల ధరల్లో మార్పు లేదు. వాటిలో దాచడానికి పెద్దగా ఏమీ ఉండదు, కూర్చుని లేస్తే ఫోమ్ సంగతి తెలిసిపోతుంది.

ఇకనుంచి ప్రతి ఫ్రిజ్ ప్రకటనలో తయారీ తేదీ ఉన్న స్టిక్కరు, వెనకాల గొట్టం కొన, రెండింటి ఫొటోలూ ఉంటాయి. గ్యాస్ ఎక్కించి ఉంటే మొదటి వాక్యంలోనే రాస్తాం. తీయాల్సిందంతా తీసేసి పెట్టిన ధర కాబట్టి, దాని మీద బేరానికి మాత్రం దిగం.